‘వచ్చినప్పుడు’ వేరు, ‘ఎప్పుడు వస్తుందో’ వేరు

మేడమ్ గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు టీకాలు, ఇంజెక్షన్లు నిల్వ చేసే ఒక గోడౌన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని. షిఫ్ట్ దిగేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇంగ్లిష్‌లో నోట్ రాసి పెట్టాలి. కొత్తగా వచ్చిన మేనేజర్ గారు ఆ నోట్‌లో ‘విల్’ కనపడితే చాలు, ఎర్ర పెన్నుతో కొట్టేస్తున్నారు. ‘వెన్ ద వ్యాన్ విల్ అరైవ్, ఐ విల్ ఓపెన్ ద కోల్డ్ రూమ్’ అని రాస్తే మొదటి విల్ కొట్టేసి రెండోది వదిలేశారు. ‘ఇఫ్ ద టెంపరేచర్ విల్ క్రాస్ ఎయిట్ డిగ్రీస్, ద అలారం విల్ రింగ్’ అని రాస్తే రెండూ కొట్టేశారు. జరగబోయేదానికి విల్ పెట్టాలనే కదా మాకు స్కూల్లో చెప్పింది?

అసలు గొడవ పోయిన నెల అయింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ‘ప్లీజ్ ఇన్‌ఫార్మ్ అజ్ వెన్ ద వ్యాన్ విల్ అరైవ్’ అని మెయిల్ రాసి సార్‌కి చూపించాను. ఆయన ‘వెన్ ద వ్యాన్ అరైవ్స్’ అని మార్చి పంపించమన్నారు. పంపించాను. వాళ్లు ముందుగా ఏమీ చెప్పలేదు. రాత్రి రెండింటికి వ్యాన్ గేటు ముందుకొచ్చి నిలబడ్డాక ఫోన్ చేశారు. దించడానికి మనుషులు లేరు. తిట్లు మాత్రం నాకు పడ్డాయి. ఇంట్లో ఏడో తరగతి చదివే మా అమ్మాయి కూడా ‘అమ్మా, వెన్ తర్వాత విల్ రాదు’ అంటుంది. ఎందుకే అంటే ‘రూల్ అంతే’ అంటుంది. నోట్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఆయన దిద్దినట్టే రాసుకుపోవాలా, ఆయనకి ఏమైనా చెప్పాలా, అసలు తప్పు నాదేనా?

— ఒక పాఠకురాలు

అమ్మా, ముందు లెక్క తేల్చేద్దాం. మీరు రాసిన మూడు వాక్యాల్లో మొదటి రెండూ తప్పే, మీ మేనేజర్ సరిగ్గానే దిద్దారు. మూడోది మీరు రాసిందే కరెక్టు. ఆయన దిద్ది చెడగొట్టారు. తప్పు రాసిన చోట మీకు ఎర్ర గీత పడింది, ఒప్పు రాసిన చోట తిట్లు పడ్డాయి. తల తిరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఇంగ్లిష్‌ని కాసేపు పక్కన పెట్టి మొదటి వాక్యాన్ని తెలుగులో అనండి. ‘వ్యాన్ రాగానే కోల్డ్ రూమ్ తెరుస్తాను.’ ఇందులో జరగబోయే కాలం ఎక్కడుంది? ‘తెరుస్తాను’లో ఉంది. మరి ‘రాగానే’లో? ఏ కాలమూ లేదు. నిన్న వ్యాన్ రాగానే తెరిచాను, రోజూ వ్యాన్ రాగానే తెరుస్తాను, రేపు వ్యాన్ రాగానే తెరుస్తాను. మూడు చోట్లా ‘రాగానే’ అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. జరిగిపోయిందా కాదా అని తేల్చే పని చివరి క్రియ చూసుకుంటోంది.

‘వచ్చినప్పుడు’ ఇంకా విచిత్రం. ‘వచ్చిన’ అంటే జరిగిపోయినదానిలా వినిపిస్తుంది. అయినా ‘రేపు వ్యాన్ వచ్చినప్పుడు తెరుస్తాను’ అని తడుముకోకుండా అంటాం. రేపటి సంగతికి ‘వచ్చిన’ ఏమిటని ఎవరూ మనల్ని నిలదీయరు. వస్తే, వచ్చాక, వచ్చేదాకా, వచ్చేలోపు, వచ్చేముందు, దేన్నైనా తీసుకోండి. ఒక్కదానికీ సొంత కాలం లేదు. అంటే మీ మేనేజర్ మీ చేత చేయించాలనుకుంటున్న పనిని మీరు మాటలు నేర్చిన రోజు నుంచీ తెలుగులో చేస్తూనే ఉన్నారు. ‘వెన్ ద వ్యాన్ అరైవ్స్, ఐ విల్ ఓపెన్’ అనే వాక్యం ‘వ్యాన్ రాగానే తెరుస్తాను’కి దగ్గరి చుట్టం. మీరు రాసిన ‘విల్ అరైవ్’ తెలుగు నుంచి వచ్చింది కాదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానమల్లా స్కూల్ గోడ మీద వేలాడే టెన్సుల చార్టు మీదే. గో, వెంట్, విల్ గో. నేడు, నిన్న, రేపు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ‘రేపు అంటే విల్’ అని బుర్రలో ముద్ర పడిపోతుంది. ఇక వాక్యంలో ఎన్ని క్రియలుంటే అన్నిటికీ విల్ తగిలిస్తాం. పాతికేళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినదాన్ని, నేనూ ఆ చార్టు అతికించినదాన్నే. దాని కింద ‘వాక్యంలో ఒక్క క్రియే ఉన్నప్పుడు’ అని చిన్న అక్షరాలతో రాయాల్సింది. రాయలేదు.

గోడౌన్‌లో హిందీ మాట్లాడేవాళ్లుంటే అదీ కొంత కారణం కావచ్చు. హిందీలో ‘జబ్ గాడీ ఆయేగీ, తబ్ ఖోలూంగా’ అంటారు. అక్కడ రెండు క్రియలూ భవిష్యత్తులోనే ఉంటాయి. ఫ్రెంచ్‌లో కూడా ‘నేను వచ్చినప్పుడు’ అనేచోట భవిష్యత్ క్రియే వాడతారు. కాబట్టి ‘వెన్ ఐ విల్ అరైవ్’ అనడం బుద్ధి తక్కువ పనేమీ కాదు. కొన్ని భాషలు అలా కుదురుకున్నాయి, ఇంగ్లిష్, తెలుగు ఇలా కుదురుకున్నాయి.

మీ అమ్మాయికి ‘రూల్ అంతే’ అన్న జవాబు సరిపోయింది, మీకు సరిపోలేదు. మంచిదే. ‘విల్’ పుట్టుక చూస్తే విషయం కొంత తేటపడుతుంది. చాలా పాత ఇంగ్లిష్‌లో భవిష్యత్తుకంటూ విడిగా క్రియారూపం లేదు. వర్తమాన రూపంతోనే రేపటి సంగతీ చెప్పేవాళ్లు. ఆ రోజుల్లో ‘విల్’ అంటే కోరుకోవడం, ‘షల్’ అంటే బాకీపడి ఉండడం. ‘చెయ్యాలనుకుంటున్నాను’ అనేది వాడుకలో అరిగి అరిగి ‘చేస్తాను’ అయింది. అందుకే నేటికీ విల్‌లో మాట ఇవ్వడమో, ఇది జరుగుతుందని మన పూచీ మీద చెప్పడమో ఉంటుంది. ‘ఐ విల్ ఓపెన్ ద కోల్డ్ రూమ్’ అన్నారంటే తెరిచే పూచీ మీరు తీసుకున్నారన్నమాట. వ్యాన్ రావడానికి మీ పూచీ ఏముంది? దాని గురించి మీరు అక్కడ కొత్తగా ఏమీ చెప్పడం లేదు. వస్తుందని అనుకుని, దాన్ని గుంజలాగా పాతి, మీ పనిని దానికి కట్టేస్తున్నారు. ‘వెన్’తో మొదలయ్యే ముక్క గుంజ, అవతలి ముక్క గేదె. పలుపు గేదెకు వేస్తాం గానీ గుంజకు కూడా మెడలో ఒకటి వెయ్యం కదా. విల్ కూడా అంతే.

చరిత్ర మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ అలవాటు ఇంగ్లిష్‌లో మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, మత్తయి 25వ అధ్యాయంలో, ‘వెన్ ద సన్ ఆఫ్ మ్యాన్ షల్ కమ్ ఇన్ హిజ్ గ్లోరీ’ అని ఉంటుంది. నేటి అనువాదాల్లో అదే చోట ‘కమ్స్’ కనిపిస్తుంది. మీ వీధి చర్చిలో పాత ప్రతి చదివే పెద్దాయన ఎవరైనా ‘వెన్ తర్వాత షల్ ఉందే’ అంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు, నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ చెబుతున్నాడు. అలాగే హోటల్ కౌంటర్లో ‘ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్’ అని వినపడితే కంగారుపడకండి. అక్కడి విల్ రేపటిని సూచించేది కాదు. ‘మీకు అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం ఆగుతారా’ అనే పాత కోరిక అర్థం మర్యాద కోసం మిగిలింది. మీ నోట్‌లో దాని అవసరం రాదు.

ఇక అలారం వాక్యం. మొదటిదానికంటే ఇది మనకు నిజంగా కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ తెలుగు మనకు సాయం చెయ్యదు. ‘ఎనిమిది డిగ్రీలు దాటితే అలారం మోగుతుంది.’ ఈ ‘మోగుతుంది’ ఎప్పటి సంగతి? రోజూ మోగేదా, రేపు మోగబోయేదా? తెలుగులో రెంటికీ ఒకటే రూపం. ‘నేను టీ తాగుతాను’ అంటే నాకు టీ అలవాటుందనీ కావచ్చు, ఇప్పుడు ఒక కప్పు పొయ్యమనీ కావచ్చు. ఎదుటివాళ్లు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. ఇంగ్లిష్ ఆ రెంటినీ విడదీస్తుంది. అలవాటైతే ‘ఐ డ్రింక్ టీ’. ఇప్పుడు కావాలంటే ఆ మాట పనికిరాదు. కాబట్టి తెలుగువాళ్ల చెయ్యి జారేది గుంజ దగ్గర కంటే ఎక్కువగా గేదె దగ్గరే. ‘మోగుతుంది’ని ‘రింగ్స్’ అనాలా, ‘విల్ రింగ్’ అనాలా?

మీ కోల్డ్ రూమ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. టీకాలకు మామూలుగా పెట్టే హద్దు అదే. ఎనిమిది దాటితే మోగేలా అలారం అమర్చారు. నిన్న దాటినా మోగేది, రేపు దాటినా మోగుతుంది, మీరు ఉద్యోగం మానేశాక దాటినా మోగుతుంది. అది ఆ యంత్రం గుణం. ఇలాంటి చోట ఇంగ్లిష్‌లో రెండు వైపులా వర్తమాన రూపమే వేస్తారు. ‘ఇఫ్ ద టెంపరేచర్ క్రాసెస్ ఎయిట్ డిగ్రీస్, ద అలారం రింగ్స్.’ గ్రామర్ పుస్తకాలు దీన్నే జీరో కండిషనల్ అంటాయి. పేరు చూసి భయపడాల్సిందేమీ లేదు. ఐస్ వేడి చేస్తే కరుగుతుంది, పాలు పొంగితే పొయ్యి ఆరుతుంది అనే రకం.

ఇప్పుడు ఇంకో సంగతి ఊహించండి. ఈరోజు సాయంత్రం తలుపు రబ్బరు ఒక చోట ఊడింది. మెకానిక్ రేపు వస్తాడు. రాత్రి షిఫ్ట్ వాళ్లని హెచ్చరించాలి. అప్పుడు ‘ఇఫ్ యూ ఓపెన్ ద డోర్ టూ ఆఫెన్ టునైట్, ద టెంపరేచర్ విల్ క్రాస్ ఎయిట్ డిగ్రీస్’ అని రాస్తారు. ఇక్కడ విల్ ఉండాలి. ఇది గది గుణం కాదు, ఈ ఒక్క రాత్రికి మీరు మీ అంచనా మీద చెబుతున్న మాట. రబ్బరు బాగుపడ్డాక ఈ వాక్యం చెల్లదు. అలారం వాక్యం అప్పుడూ చెల్లుతుంది. అయితే ఈ రెండో రకంలో కూడా ‘ఇఫ్’ ఉన్న ముక్కలో విల్ లేదు చూశారా? గుంజకు పలుపు లేదన్న మాట అలారానికీ వర్తిస్తుంది, రబ్బరుకీ వర్తిస్తుంది. మారేదల్లా అవతలి ముక్కే.

తేల్చుకోవడానికి నేను పిల్లలకు చెప్పే ఉపాయం ఒకటుంది. తెలుగు వాక్యంలో ‘ఎప్పుడైనా సరే’ అని చేర్చి చూడండి. ‘ఎప్పుడైనా సరే, ఎనిమిది దాటితే అలారం మోగుతుంది.’ అతికింది, కాబట్టి విల్ వద్దు. ‘ఎప్పుడైనా సరే, తలుపు ఎక్కువసార్లు తీస్తే ఎనిమిది దాటుతుంది.’ అతకలేదు, ఎందుకంటే మీరు చెప్పాలనుకున్నది ఈ రాత్రి సంగతి. కాబట్టి విల్ కావాలి.

మీ మేనేజర్‌ని ఒక చోట కొంచెం సవరించాలి. అలారం వాక్యంలో మొదటి విల్ కొట్టెయ్యాల్సిందే. రెండోది, అంటే ‘విల్ రింగ్’, ఘోరమైన తప్పేమీ కాదు. ఎదురుగా ఉన్న కొత్త కుర్రాడికి ‘జాగ్రత్త, దాటిందంటే అలారం మోగుతుంది’ అని చెబుతున్నట్టు వినిపిస్తుంది, అంతే. మాటల్లో ఇంగ్లిష్ వాళ్లే అలా అంటారు. గోడకు అంటించే సూచనల కాగితంలో మాత్రం ‘రింగ్స్’ అంటేనే నప్పుతుంది.

ఇలాంటి వాక్యాల్లోనే ‘ఇఫ్’ వెయ్యాలా ‘వెన్’ వెయ్యాలా అన్న తికమక కూడా వస్తుంది. ‘వ్యాన్ వస్తే ఫోన్ చెయ్యి’ అని తెలుగులో అన్నప్పుడు వస్తుందో రాదోనన్న అనుమానం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ ద వ్యాన్ అరైవ్స్’ అని రాశారో, రాత్రి షిఫ్ట్ వాళ్లు వ్యాన్ రాకపోవచ్చు కాబోలు అనుకుని కునుకు తీస్తారు. వచ్చేది ఖాయమైతే ‘వెన్’ వెయ్యండి.

ఇక మీకు తిట్లు తెచ్చిపెట్టిన మెయిల్. దీన్ని కూడా తెలుగులోకి తెచ్చుకుందాం. మీరు అడగాలనుకున్నది: ‘వ్యాన్ ఎప్పుడు వస్తుందో చెప్పండి.’ మేనేజర్ దిద్దాక వెళ్లింది: ‘వ్యాన్ వచ్చినప్పుడు చెప్పండి.’ రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. మీరు టైమ్ అడిగారు. దిద్దిన మెయిల్ వచ్చాక కబురు చెయ్యమంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు దాన్ని అక్షరాలా పాటించారు. రాత్రి రెండింటికి వ్యాన్ వచ్చింది, వచ్చినప్పుడు చెప్పారు. వాళ్లనీ తప్పు పట్టలేం.

మొదటి వాక్యంలో ‘వెన్’ గుంజ పాతింది. ఈ మెయిల్‌లో ‘వెన్’ ప్రశ్న వేసింది. మాట ఒకటే, చేసే పని వేరు. ‘వెన్ విల్ ద వ్యాన్ అరైవ్?’ అని విడిగా అడిగితే విల్ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ ప్రశ్ననే తీసుకెళ్లి ‘మాకు చెప్పండి’ అనే వాక్యంలో కూర్చోబెడితే విల్ ఎక్కడికీ పోదు, చోటు మాత్రం మారి ‘వెన్ ద వ్యాన్ విల్ అరైవ్’ అవుతుంది. వ్యాన్ ఎప్పుడొస్తుందన్నదే ఇక్కడ అసలు విషయం, దాని గురించే అంచనా కావాలి. అందుకే విల్ అక్కడ ఉండాలి.

ఈ తేడాని ఇంగ్లిష్ దాచిపెడుతుంది, తెలుగు బయటపెడుతుంది. ప్రశ్న అయితే మన వాక్యంలో ‘ఎప్పుడు’ అనే మాట విడిగా నిలబడుతుంది, క్రియ చివర ‘ఓ’ వస్తుంది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు అయిపోతుందో. అలా వస్తే విల్ పెట్టండి. గుంజ అయితే ‘వచ్చినప్పుడు’, ‘రాగానే’, ‘వచ్చాక’ అని ఒక్క మాటలో ముగుస్తుంది, ఆ ‘ఓ’ ఉండదు. అలాంటప్పుడు విల్ తీసెయ్యండి. ‘ఇఫ్’కి కూడా ఇదే పరీక్ష. ‘మెకానిక్ వస్తే రబ్బరు మార్పిద్దాం’లో విల్ లేదు, ‘ఇఫ్ ద మెకానిక్ కమ్స్’. ‘మెకానిక్ వస్తాడో లేదో తెలీదు’లో విల్ ఉంది, ‘ఐ డోంట్ నో ఇఫ్ ద మెకానిక్ విల్ కమ్’. ఇంత చక్కటి పరీక్ష తెలుగులో ఉండగా దాన్ని వదిలేసి చార్టులు బట్టీ పట్టించాం మేము.

మీ మెయిల్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఇన్‌ఫార్మ్ అజ్ వెన్’ తర్వాత రెండు అర్థాలూ నప్పుతాయి. ‘ఐ డోంట్ నో వెన్’ అని ఉంటే ప్రశ్న ఒక్కటే సాధ్యం, మేనేజర్ కూడా బహుశా పొరపడేవారు కాదు. ‘చెప్పండి’ అనే మాట టైమ్‌కీ సరిపోతుంది, కబురుకీ సరిపోతుంది. కాబట్టి అక్కడ తేడా చూపించేది ఆ ఒక్క విల్ మాత్రమే, దాన్ని కొట్టేశారు. ఒక రాత్రి పని మొత్తం ఆ ఒక్క చిన్న మాట మీద నిలబెట్టకుండా ఉంటే మంచిది. ‘ప్లీజ్ టెల్ అజ్ వాట్ టైమ్ ద వ్యాన్ విల్ అరైవ్’ అంటే ఇక రెండో అర్థానికి చోటుండదు. ‘ఎక్స్‌పెక్టెడ్ అరైవల్ టైమ్’ పంపమని అడిగితే ఇంకా నయం, క్రియే ఉండదు, కొట్టెయ్యడానికి ఏమీ దొరకదు.

నోట్‌ల విషయంలో మీరు అడగని ఒక సంగతి కూడా చెబుతాను, మీ పనికి ఇది అవసరం. ‘పెట్టెలు దించాక తలుపు వెయ్యండి’ అని చెప్పాలనుకుని ‘వెన్ యూ అన్‌లోడ్ ద బాక్సెస్, క్లోజ్ ద డోర్’ అని రాస్తే కొందరు ‘దించేటప్పుడు’ అనుకుంటారు. తలుపేసి ఎలా దించాలని తల పట్టుకుంటారు. పని పూర్తయ్యాకే అని స్పష్టంగా చెప్పాలంటే ‘వెన్ యూ హ్యావ్ అన్‌లోడెడ్ ఆల్ ద బాక్సెస్’ అనండి. ఇక్కడా విల్ లేదు. ‘దించాక’లోని ‘ఆక’ చేసే పనిని ఆ ‘హ్యావ్’ చేస్తుంది. ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, ఇవన్నీ విల్ విషయంలో ‘వెన్’ గుంజలాగే నడుస్తాయి.

సరే, మేనేజర్ గారితో ఏం చెయ్యాలి?

ఆయన దిద్దినట్టే రాసుకుపోవడం ఒక దారి. షిఫ్ట్ నోట్‌ల వరకు నిజానికి ఇబ్బంది ఏమీ రాదు, ఎందుకంటే సూచనల్లో ఎక్కువ భాగం గుంజ వాక్యాలే ఉంటాయి, అక్కడ ఆయన దిద్దుబాటు సరైనదే. చిక్కు మెయిళ్లలో వస్తుంది. ‘ఎప్పుడు పంపిస్తారో, ఎప్పుడు బాగుచేస్తారో’ అని అడిగే ప్రతిచోటా ఆ ఎర్ర పెన్ను మళ్లీ పడుతుంది, ఇంకో రాత్రి ఇంకో వ్యాన్ చెప్పకుండా వస్తుంది. మాట మళ్లీ మీకే పడుతుంది.

నేరుగా చెప్పడం రెండో దారి. ఇందులో ఎలా చెబుతారన్నదే ముఖ్యం. ‘మీరు దిద్దింది తప్పు సార్’ అని నలుగురిలో అన్నారో, వాదన గ్రామర్ మీదకు వెళ్తుంది, ఆయన ‘వెన్ తర్వాత విల్ రాదు’ దగ్గర భీష్మించుకుని కూర్చుంటారు. గమనించారా, ఆయన బుర్రలో ఉన్నది కూడా మీ చార్టు లాంటిదే. ‘రేపు అంటే విల్’ అని మీరు నేర్చుకున్నారు, ‘వెన్ అంటే నో విల్’ అని ఆయన నేర్చుకున్నారు. రెండూ సగమే. అందుకని వ్యాకరణం ఎత్తకండి. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, ‘సార్, నోట్‌లలో మీరు దిద్దినవి నాకు అర్థమయ్యాయి, ఇక ఆ తప్పు రాదు. ఆ మెయిల్‌లో మాత్రం నేను అడగాలనుకున్నది వ్యాన్ వచ్చే టైమ్. మార్చాక అది వచ్చాక చెప్పండి అన్నట్టు అయింది, వాళ్లు అలాగే చేశారు’ అనండి. ఇందులో మొదటి మాట ఉత్త మర్యాద కాదు, నిజం కూడా. తెలుగు వచ్చిన మనిషైతే ‘ఎప్పుడొస్తుందో’, ‘వచ్చినప్పుడు’ అని రెండు ముక్కలు చెబితే చాలు, పట్టుకుంటారు. రాని మనిషైతే ‘వాట్ టైమ్’ వేసి చదివి వినిపించండి. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కొందరికి కింద పనిచేసేవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, చెబితే రుచించదు. ఆ మనిషి ఎలాంటివారో మీకే తెలియాలి.

రుచించదనుకుంటే మూడో దారి ఉంది. ఏమీ అనకుండా ఇకపై ‘వాట్ టైమ్’ అనే రాయండి. ఎర్ర పెన్నుకి పని ఉండదు, వ్యాన్ టైమ్ మీకు ముందే తెలుస్తుంది. పోయిన నెల మీ మీద పడిన మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. అవి నోటి తిట్లే అయితే వదిలేసినా పర్వాలేదని నా అభిప్రాయం. దాని గురించి మెమో ఇచ్చినా, రిజిస్టర్‌లో ఎక్కించినా మాత్రం ఊరుకోవద్దు. మీరు మొదట రాసిన డ్రాఫ్ట్, మార్చి పంపిన మెయిల్, రెండూ జాగ్రత్త చేసి, జవాబులో ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. వాటి అర్థాలు రెండు లైన్లలో రాయండి. ఎవరు మార్చారన్నది ఒక్క వాక్యంలో చెప్పి ఆపెయ్యండి.

ఇక మీ అమ్మాయి. దాన్ని ఏడిపించడానికి కాదు గానీ, ఈ సాయంత్రం ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి చేతికివ్వండి. ‘ఐ విల్ ఆస్క్ డాడీ వెన్ హి కమ్స్.’ ‘ఐ విల్ ఆస్క్ డాడీ వెన్ హి విల్ కమ్.’ ఇందులో ఏది తప్పో చెప్పమనండి. అది వెంటనే రెండోదాని మీద వేలు పెడుతుంది. అప్పుడు రెండింటినీ తెలుగులో చెప్పమనండి. మొదటిదానికి నాన్న ఇంటికి వచ్చేదాకా ఆగాలి, రెండోదానికి ఇప్పుడే ఫోన్ చెయ్యాలి.